రెండు నెలల మాట, రోజువారీ లెక్క

పలాస జీడి వ్యాపారి రేపటి డాలరు ధరని ఇవాళే ఎలా కట్టేసుకోవచ్చు?

భావనపాడు ఒడ్డున దిగిన చేపకి బేరం అక్కడికక్కడే. ఇసుక మీద గంప దించుతారు, చుట్టూ నలుగురు చేరతారు, పాట నడుస్తుంది, ఎక్కువ పాడినవాడు పట్టుకుపోతాడు. ఇవాళ్టి చేపకి ఇవాళ్టి ధర. రేపు ధర పెరిగినా పడినా ఆ గంపతో ఎవరికీ పని లేదు.

అక్కడి నుంచి ఉత్తరంగా పలాస-కాశీబుగ్గ వెళ్తే కథ మారిపోతుంది. ఉద్దానం తోటల్లో కాసే జీడిపిక్కలు అక్కడి ఫ్యాక్టరీలకి ఏడాది పొడుగునా చాలవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరితో పాటు జీడి తోటలూ నేలకొరిగాయి. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. బట్టీ ఆగకుండా ఉండాలంటే ఆఫ్రికా దేశాల నుంచి ఓడలో పిక్కలు రావాలి. వాటి ధర మాట్లాడుకునేది డాలర్లలో. మాట ఇవాళ, సరుకు నెలా రెండు నెలలకి, డబ్బు కట్టడం ఆ తర్వాత.

చిక్కు అక్కడే ఉంది. పిక్కల ధర ఖాయమైపోయింది కానీ డాలరు ధర కాలేదు. డాలరు ఎంత కదులుతుందో 2013 చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మే మొదట్లో 54 రూపాయల దగ్గర ఉన్నది ఆగస్టు 28 నాటికి 68 దాటింది. ఆ మే నెలలో పిక్కలు కొని ఆగస్టులో డబ్బు కట్టినవాడు డాలరుకి పద్నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చుకున్నాడు. పిక్క మారలేదు, పప్పు మారలేదు, లాభం మాత్రం ఎగిరిపోయింది.

బస్తాకి వంద డాలర్లు

లెక్కకి ఒక ఫ్యాక్టరీ యజమానిని ఊహించుకుందాం. ఆయన 500 బస్తాల పిక్కలు బేరం చేశాడు. పలాసలో పిక్కల బస్తా అంటే 80 కిలోలు, అంటే మొత్తం నలభై టన్నులు. బస్తా వంద డాలర్లనుకుందాం. రెండు నెలల తర్వాత 50,000 డాలర్లు కట్టాలి. ఇవాళ డాలరు 88 రూపాయలు. ఈ అంకెలన్నీ లెక్క తేలిగ్గా సాగడానికి వేసుకున్నవే.

డాలరు ఒక్క రూపాయి పెరిగితే ఆయనకి యాభై వేలు అదనపు ఖర్చు. రెండు రూపాయలు పెరిగితే లక్ష. ఎవరైనా వచ్చి "రెండు నెలల తర్వాత డాలరు ఎంతున్నా సరే, నీకు ఈ ధరకే ఇస్తాను" అంటే ఆయన హాయిగా నిద్రపోతాడు. అలాంటి మాట ఇవ్వడం మనకి కొత్తేమీ కాదు. కాయ కోతకి రాకముందే తోటని గుత్తకి ఇవ్వడమూ ఇలాంటి ముందుమాటే. కానీ నోటి మాటకి ఒక జబ్బుంది. గడువు నాటికి ధర బాగా మారిపోతే, ఇద్దరిలో ఒకరికి మాట తప్పాలనిపిస్తుంది. ధర ఎంత ఎక్కువ కదిలితే మాట తప్పితే వచ్చే లాభం అంత ఎక్కువ. అంటే సరిగ్గా మాట నిలబడవలసిన రోజునే అది కూలిపోయే ప్రమాదం ఎక్కువన్నమాట.

ఫ్యూచర్స్ కాంట్రాక్టు ఈ జబ్బుకి కనిపెట్టిన మందు. ఎక్స్‌ఛేంజి అమ్మే మాట అది. ఎంత పరిమాణం, ఏ రోజు గడువు, చివరి ధర ఎలా తేలుస్తారు, అన్నీ ముందే అచ్చులో పోసి ఉంటాయి. బేరమాడవలసింది ధర ఒక్కటే. నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజిలో డాలరు ఫ్యూచర్ 2008 ఆగస్టు 29న మొదలైంది. తెర మీద దాని పేరు USDINR. ఒక లాటు వెయ్యి డాలర్లు. మన యజమానికి కావలసింది యాభై లాట్లు.

| పిక్కలకి లేని ఫ్యూచర్ డాలరుకి ఎందుకుంది? |
|---|
| జీడిపిక్కలకే ఫ్యూచర్ ఉంటే సరిపోయేది కదా అని అడగొచ్చు. జీడికి ప్రపంచంలో చెప్పుకోదగ్గ ఫ్యూచర్స్ మార్కెట్ లేదు. అచ్చులో పోయాలంటే సరుకు ఒకేలా ఉండాలి. పిక్కల నాణ్యతని 80 కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు దిగిందో చూసి కొలుస్తారు. దీన్నే అవుట్‌టర్న్ అంటారు. ఒక దేశం సరుకుకీ ఇంకో దేశం సరుకుకీ, సీజన్ మొదటి కాయకీ చివరి కాయకీ, చివరికి తేమ ఎక్కిన బస్తాకీ ఎండిన బస్తాకీ అది మారిపోతుంది. చూడకుండా కొనలేని సరుకు పిక్క. డాలరు అలా కాదు, ఏ డాలరైనా డాలరే. |

88 ఉన్నది 88.30 ఎందుకైంది?

యజమాని తెర చూస్తే రెండు నెలల తర్వాతి కాంట్రాక్టు ధర 88.30 ఉంది. ఇవాళ్టి ధర 88 మాత్రమే. డాలరు పెరుగుతుందని మార్కెట్ జోస్యం చెబుతోందని చాలామంది అనుకుంటారు. అది జోస్యం కాదు, వడ్డీ. ఇవాళే డాలర్లు కొని దాచుకుంటే ఆ రూపాయల మీద రెండు నెలల వడ్డీ పోతుంది. దాచిన డాలర్ల మీద వడ్డీ వస్తుంది కానీ అది తక్కువ. ఆ రెండు వడ్డీల తేడాయే సుమారుగా ఆ ముప్ఫై పైసలు. గడువు దగ్గరపడేకొద్దీ మిగిలిన వడ్డీ రోజులు తగ్గుతాయి కాబట్టి తేడా కూడా కరుగుతూ వస్తుంది. చివరి రోజుకి రెండు ధరలూ కలుస్తాయి.

మార్జిన్ బయానా కాదు

88.30 చొప్పున యాభై లాట్లు కొన్నాడు. విలువ 44,15,000 రూపాయలు. కానీ ఆయన అంత డబ్బు కట్టడు. మార్జిన్ రెండున్నర శాతం అనుకుంటే సుమారు లక్షా పది వేలు బ్రోకరు దగ్గర పెడతాడు.

స్థలం కొనేటప్పుడు ఇచ్చే బయానాతో దీన్ని పోల్చి చెప్పడం అలవాటు. ఆ పోలిక దారి తప్పిస్తుంది. బయానా ధరలో భాగం, చివర్లో తీసేసుకుని మిగతాది కడతాం. పైగా ఇచ్చేది కొనేవాడొక్కడే. మార్జిన్ ధరలో భాగం కాదు. కొన్నవాడూ పెట్టాలి, అమ్మినవాడూ పెట్టాలి. లెక్క తేలాక ఎవరిది వాళ్లకి తిరిగొస్తుంది. సైకిలు అద్దెకి తీసుకున్నప్పుడు కొట్టువాడు ఉంచుకునే డిపాజిట్టుకి ఇది దగ్గర.

ఆ డిపాజిట్టు ఎవరి దగ్గర ఉంటుంది? మన యజమానికి ఎదురుగా డాలరు అమ్మినవాడు ఎవరో ఆయనకి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. బేరం కుదిరిన మరుక్షణం క్లియరింగ్ కార్పొరేషన్ మధ్యలోకి వస్తుంది. కొన్నవాడికి అదే అమ్మకందారు, అమ్మినవాడికి అదే కొనుగోలుదారు. రెండువైపులా బరువు సమానం కాబట్టి ధర ఎటు పోయినా దానికి లాభనష్టాలు లేవు. దానికున్న భయం ఒక్కటే, ఓడినవాడు డబ్బు కట్టకుండా పోవడం.

ఇక్కడ ఎవరికైనా రావలసిన అనుమానం ఒకటుంది. రెండు నెలల్లో డాలరు నాలుగైదు రూపాయలు కదలొచ్చు. అంటే రెండు రెండున్నర లక్షలు. లక్షా పది వేల డిపాజిట్టు దానికి ఎలా సరిపోతుంది?

ప్రతి సాయంత్రం కొత్త కాంట్రాక్టు

సరిపోదు. అందుకే రెండు నెలలు ఆగరు. ప్రతిరోజూ మార్కెట్ మూశాక ఎక్స్‌ఛేంజి ఆ రోజు ముగింపు ధర ఒకటి ప్రకటిస్తుంది. చివరి క్షణంలో ఎవరో ఒక చిన్న బేరంతో ధర వంచేయకుండా, ఆఖరి అరగంటలో జరిగిన బేరాల సగటు తీసుకుంటారు. నిన్నటి ముగింపుకీ ఇవాళ్టి ముగింపుకీ ఉన్న తేడా ఎంతో అంత డబ్బు ఓడినవాడి ఖాతా నుంచి గెలిచినవాడి ఖాతాకి చేరుతుంది. మర్నాటికి చేతులు మారిపోవాలి. దీన్నే మార్క్ టు మార్కెట్ అంటారు, బ్రోకర్ల నోట ఎంటీఎం.

మన యజమాని మొదటి వారం ఇలా గడిచిందనుకుందాం. ఆయన కొన్నది సోమవారం, 88.30కి.

| రోజు | ముగింపు ధర | ఆ రోజు లెక్క |
|---|---|---|
| సోమ | 88.45 | 7,500 వచ్చింది |
| మంగళ | 88.10 | 17,500 పోయింది |
| బుధ | 87.60 | 25,000 పోయింది |
| గురు | 87.25 | 17,500 పోయింది |

నాలుగు రోజుల్లో 52,500 పోయింది. ఇది కాగితం మీది నష్టం కాదు, ఖాతాలోంచి నిజంగా వెళ్లిపోయిన డబ్బు. గురువారం రాత్రి ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

"ఏటయ్యా ఇది? ఓడ ఇంకా రానే లేదు, డబ్బులు అప్పుడే కోసేస్తన్నారేటి?"

"మన సరుక్కి కాదు బాబూ. డాలరు రూపాయి తగ్గింది కదా, ఆ తేడా."

"తగ్గితే మనకి మంచిదే కదా!"

"మంచిదే బాబూ. ఆ మంచి బ్యాంకుకి డబ్బు కట్టిన రోజు కనబడతాది. చెడ్డ మాత్రం రోజూ కనబడతాది."

గుమస్తా చెప్పినదాంట్లోనే విషయమంతా ఉంది. ధర తగ్గితే పిక్కలు చవకవుతాయి, ఫ్యూచర్‌లో నష్టం వస్తుంది. రెండూ ఒకదానికొకటి సరిపోతాయి, కానీ ఒకే రోజున కాదు.

సాయంత్రం లెక్క తేల్చేశాక ఏం మిగిలింది? గురువారం రాత్రి నాటికి ఆయన దగ్గర ఉన్నది, సరిగ్గా 87.25కి అప్పుడే కొన్న కాంట్రాక్టుతో సమానం. పాత బాకీ లేదు, పాత లాభం లేదు. శుక్రవారం పొద్దున మాట మళ్లీ మొదలు. ఇప్పుడు మార్జిన్ అంత చిన్నదిగా ఎందుకుందో తేలుతుంది. అది రెండు నెలల కదలికకి హామీ కాదు, రేపు ఒక్కరోజు కదలికకి హామీ. రెండు నెలల పెద్ద మాటని నలభై చిన్న మాటలుగా, ఒక్కొక్కటీ ఒక్కరోజు బతికేలా కోసేశారన్నమాట. ఎవరైనా ఒకరోజు కట్టలేకపోతే మర్నాడు అతని కాంట్రాక్టు ఇంకొకరికి అమ్మేస్తారు. ఆ ఒక్కరోజు నష్టం డిపాజిట్టులోంచి తీసుకుంటారు. కాబట్టి మార్జిన్, రోజువారీ పరిష్కారం రెండూ వేర్వేరు నిబంధనలు కావు. ఒకటి తీసేస్తే రెండోది నిలబడదు.

అమెరికా పాఠ్యపుస్తకాలు చదివినవాళ్లు మెయింటెనెన్స్ మార్జిన్ అనే రెండో గీత గురించి అడుగుతారు. నష్టం ఆ గీత దాటేదాకా డబ్బు అడగకపోవడం అక్కడి పద్ధతి. మన దగ్గర అలా ఆగరు, ఏ రోజు నష్టం ఆ రోజుదే. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. మార్జిన్‌లో కొంత భాగం షేర్లు, బాండ్లు తాకట్టు పెట్టి సరిపెట్టొచ్చు. రోజువారీ నష్టం మాత్రం నగదుగానే పోతుంది.

మార్జిన్ శాతం కూడా రాతి మీద రాత కాదు. ధర ఎక్కువ ఊగితే ఒక్కరోజు కదలిక పెరుగుతుంది కాబట్టి డిపాజిట్టూ పెంచుతారు. 2013 జూలైలో రూపాయి జారుతుంటే సెబీ డాలరు ఫ్యూచర్ల మార్జిన్‌ని రెట్టింపు చేసింది. లాభంలో ఉన్నవాళ్లూ అదనంగా డబ్బు పెట్టవలసి వచ్చింది.

గడువు రోజు

రెండు నెలలు గడిచాయి. మొదటి వారం పడిన డాలరు తర్వాత లేచింది. డాలరు కాంట్రాక్టుకి చివరి రోజు, నెలలో ఆఖరి పనిదినానికి రెండు పనిదినాల ముందు వస్తుంది. మిగతా రోజుల్లో సాయంత్రం అయిదు దాకా నడిచే బేరం ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకే ఆగిపోతుంది. ఇది తెలియక భోంచేసి వచ్చి అమ్ముదాంలే అనుకునేవాళ్లు ఉంటారు. తిరిగొచ్చేసరికి తెర మీద ఆ కాంట్రాక్టు ఉండదు.

ఆ రోజు చివరి ధరని ఎక్స్‌ఛేంజి బేరాలతో తేల్చరు. బ్యాంకుల మధ్య నిజంగా జరిగిన డాలరు లావాదేవీల నుంచి ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ రోజూ ఒక రిఫరెన్స్ రేటు ప్రకటిస్తుంది. 2018 జూలై దాకా ఈ పని రిజర్వు బ్యాంకు చేసేది. ఆ రేటే చివరి పరిష్కార ధర. ఫ్యూచర్ ధర అసలు మార్కెట్ ధరకి దూరంగా తేలిపోకుండా పట్టి ఉంచే మేకు ఇదే. గడువు రోజున ఎటూ ఆ రేటుకే లెక్క కడతారని అందరికీ తెలుసు కాబట్టి, ముందు రోజుల్లో దానికి మరీ దూరంగా ఎవరూ కొనరు, అమ్మరు.

ఎవరూ ఎవరికీ డాలర్లు ఇవ్వరు. తేడా రూపాయల్లో చేతులు మారుతుంది, అంతే. రిఫరెన్స్ రేటు 89.50 వచ్చిందనుకుందాం. గురువారం 87.25 నుంచి ఇక్కడిదాకా రోజూ వస్తూ పోతూ మొత్తం మీద 1,12,500 వచ్చింది. మొదట పోయిన 52,500 తీసేస్తే నికరంగా 60,000 లాభం. అదే రోజు బ్యాంకులో 89.50 చొప్పున 50,000 డాలర్లు కొంటే 44,75,000 అవుతుంది. అరవై వేలు తీసేస్తే 44,15,000. డాలరు 88.30, బస్తా 8,830.

డాలరు 87కి పడి ఉంటే? బ్యాంకులో 43,50,000 చాలు. ఫ్యూచర్‌లో 65,000 నష్టం. కలిపితే మళ్లీ 44,15,000. బస్తా మళ్లీ 8,830. డాలరు ఎటు పోయినా ఆయన ఖర్చు మారలేదు. అయితే ఈ రెండో సందర్భంలో "అనవసరంగా అరవై అయిదు వేలు పోగొట్టుకున్నాం" అనే మాట ఆఫీసులో తప్పకుండా వినబడుతుంది. ఫ్యూచర్‌ని ఒక్కదాన్నే చూసి లెక్కపెట్టే పొరపాటు అది. పిక్కల బిల్లు పక్కన పెట్టి చూడాలి.

లెక్క తప్పే చోట్లు

పైన వచ్చినంత చక్కగా అంకెలు నిజంలో కలవవు. ఓడ గడువు రోజు చూసుకుని రాదు. బిల్లు పదిహేను రోజుల ముందే కట్టాల్సి వస్తే, ఆ రోజే ఫ్యూచర్‌ని అమ్మేసి బయటపడతాడు. అప్పుడు మార్కెట్ ధర 89.20, ఫ్యూచర్ 89.28 ఉంటే లాభం డాలరుకి 98 పైసలు. చివరికి పడిన ధర 88.22. ఇంకా కరగని ఎనిమిది పైసల వడ్డీ ఆయనకి కలిసొచ్చింది. ఓడ ఆలస్యమైతే ఉన్నది అమ్మి తర్వాతి నెల కాంట్రాక్టు కొనాలి. దీన్ని రోలోవర్ అంటారు. మళ్లీ ఒక నెల వడ్డీ తేడా భరించాలి. ఇక బ్యాంకు ఎవరికీ రిఫరెన్స్ రేటుకే డాలర్లు అమ్మదు, పైన కొన్ని పైసలు వేసుకుంటుంది. పిక్కల అవుట్‌టర్న్ తక్కువొస్తే, పప్పు ధర పడిపోతే, ఆ నష్టానికి డాలరు ఫ్యూచర్ ఏమీ చెయ్యలేదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ చేతిలో నగదు లేకపోవడం. జర్మనీలో మెటాల్‌గెజెల్‌షాఫ్ట్ అనే పెద్ద సంస్థ 1993లో ఇలాగే పడింది. ఏళ్ల తరబడి ఒకే ధరకి చమురు సరఫరా చేస్తామని కొనుగోలుదారులకి మాటిచ్చి, ధర పెరిగితే నష్టపోకుండా ఫ్యూచర్లు కొంది. ధర పెరగలేదు, పడింది. సరఫరా మీద రావలసిన లాభం ఏళ్ల తర్వాత రావాలి, ఫ్యూచర్ నష్టం ఆ రోజే కట్టాలి. తట్టుకోలేక మధ్యలో వదిలేసింది. నష్టం వంద కోట్ల డాలర్లు దాటింది. మన యజమాని కూడా ఆ గురువారం భయపడి కాంట్రాక్టు అమ్మేసి ఉంటే, పోయిన 52,500 అలాగే పోయి ఉండేవి. డాలరు 89.50కి లేచినప్పుడు చేతిలో ఏమీ ఉండేది కాదు. మార్జిన్‌కి లక్షా పది వేలు చాలు కదా అని అంతే పట్టుకుని దిగితే జరిగేది ఇదే. ఇంకో లక్ష, లక్షన్నర నగదు పక్కన ఉంచుకోలేనివాళ్లు బ్యాంకు దగ్గర ఫార్వర్డ్ కాంట్రాక్టు తీసుకోవడం మేలు. ధర కొంచెం ఎక్కువ పడుతుంది కానీ రోజూ నగదు అడగరు. గడువు తేదీ కూడా బిల్లు తేదీకి కుదిరేలా పెట్టించుకోవచ్చు.

డాలర్ల బిల్లు లేకపోయినా ఈ కాంట్రాక్టు కొని, డాలరు ఎటు పోతుందో చూసి నాలుగు డబ్బులు చేసుకుందామని దిగినవాళ్లు ఒకప్పుడు చాలామందే ఉండేవాళ్లు. రూపాయి ఫ్యూచర్ కొనేవారికి అసలు విదేశీ చెల్లింపో రాబడో ఉండి తీరాలని 2024 జనవరి 5న రిజర్వు బ్యాంకు తేల్చి చెప్పింది. పది కోట్ల డాలర్ల లోపు కాగితాలు చూపక్కర్లేదు కానీ, అసలు పని లేకుండా కొనకూడదు. ఆ ఆదేశం 2024 మే 3న అమలులోకి వచ్చింది. ఆఫ్రికా పిక్కలకి బిల్లు కట్టవలసిన పలాస వ్యాపారికి తలుపు తెరిచే ఉంది. ఊరికే పందెం కాయాలనుకునేవారికి మూసేశారు.